బ్లాక్ చేసినా బావ కనిపిస్తే

డేటింగ్ యాప్‌లో ఫొటో పెట్టే ముందు తెలుగింటి పిల్లల్ని పట్టి పీడించే ప్రశ్న ఒకటుంది. మనవాళ్లెవరైనా చూస్తే ఏమిటి? ముక్కూ మొహం తెలియనివాడు చూస్తే ఒక్క వేలి కదలికతో దాటిపోతాడు. పిన్ని కొడుకు చూస్తే ఆ కబురు సాయంత్రానికల్లా గుంటూరు చేరుతుంది. టీమ్ లీడ్ చూస్తే మర్నాడు మీటింగ్‌లో ఎదురుగా కూర్చోవాలి.

ఈ భయం యాప్‌లు నడిపేవాళ్లకూ తెలుసు. టిండర్ 2021 జూన్‌లో Block Contacts అనే సదుపాయం తెచ్చింది. ఫోన్‌లోని కాంటాక్టుల్లో ఎవరి కంట పడకూడదో వాళ్లను ముందే ఎంచి పెట్టుకోవచ్చు. హింజ్‌లోనూ Block List ఉంది. రెండింటికీ డబ్బు కట్టక్కర్లేదు. బ్లాక్ చేసినట్టు అవతలివాళ్లకు కబురేమీ వెళ్లదు. వాళ్లకు మనం కనిపించం, మనకు వాళ్లూ కనిపించరు.

ఇంతవరకు బాగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే యాప్‌కు పెదనాన్న, మేనత్త, మేనేజరు అనే వరసలు తెలియవు. దానికి తెలిసింది ఫోన్ నంబరు, ఈమెయిల్ చిరునామా, అంతే. మనం ఇచ్చిన నంబరుతోనో మెయిల్‌తోనో ఖాతా తెరిచిన మనిషినే అది దాచగలదు. అదే మనిషి ఇంకో నంబరుతో వస్తే యాప్ లెక్కలో అతను కొత్తవాడు. దాగుడుమూతలన్నీ విఫలమయ్యేది ఇక్కడే.

గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే గుంటూరు అమ్మాయి ఒకరున్నారనుకుందాం, పేరు స్రవంతి. ఆమె టిండర్‌లో Settings తెరిచి, Block Contacts నొక్కి, కాంటాక్టులు చూడటానికి అనుమతి ఇచ్చింది. జాబితాలో బాబాయిని, పిన్నిని, అన్నయ్యల్ని, టీమ్ లీడ్‌ని, హెచ్ఆర్ మేడమ్‌ని ఎంచుకుని Block కొట్టింది. హాయిగా ఊపిరి పీల్చుకుంది. అయినా ఆమె గోడకు నాలుగు కన్నాలు మిగిలే ఉన్నాయి.

మొదటిది రెండో సిమ్. టీమ్ లీడ్ ఆఫీసులో అందరికీ ఇచ్చేది ఒక నంబరు, యాప్‌లో ఖాతా తెరిచింది మరో నంబరుతో. స్రవంతి ఫోన్‌లో ఆ రెండోది లేదు. రెండోది విదేశీ నంబరు. మేనత్త కొడుకు డాలస్‌లో ఉంటాడు. ఆమె దగ్గర ఉన్నది అతని పాత ఇండియా నంబరు, అతని ఖాతా ఉన్నది అమెరికా నంబరు మీద. సంక్రాంతికి అతను ఊరొచ్చి యాప్ తెరిస్తే ఇక్కడి ప్రొఫైళ్లే వరసగా వస్తాయి. మూడోది అసలు సేవ్ చేయని నంబర్లు. చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఉన్నవాళ్లంతా ఫోన్‌బుక్‌లో ఉండరు. పెళ్లిళ్లలో కనిపించే దూరపు చుట్టాలు, పక్క టీమ్‌లో కొత్తగా చేరిన కుర్రాడు గ్రూపులో వట్టి నంబర్లుగానే ఉంటారు. నాలుగోది ఈమెయిల్. హింజ్‌లో గానీ టిండర్‌లో గానీ నంబరుతో పాటు మెయిల్ కూడా ఇవ్వొచ్చన్న సంగతి చాలామంది పట్టించుకోరు.

వీటిలో మూడో కన్నం పూడ్చడం తేలిక, ఫలితమూ ఎక్కువ. చుట్టాల గ్రూపు, ఆఫీసు గ్రూపు రెండూ తెరిచి సభ్యుల జాబితా చూడాలి. పేరు లేని నంబర్లలో ముఖ్యమైనవాటిని బ్లాక్ పేజీలో చేత్తోనే చేర్చుకోవచ్చు. విదేశీ నంబరైతే దేశపు కోడ్‌తో సహా ఇవ్వడం మంచిది. దగ్గరి బావలు, వదినలు ఎవరెవరు ఏ మెయిల్ వాడతారో తెలిస్తే అవీ చేర్చాలి. అరగంట పని. కొత్త ఉద్యోగంలో చేరినప్పుడల్లా, ఇంట్లో కొత్త సంబంధం కుదిరి చుట్టరికం పెరిగినప్పుడల్లా జాబితాను మళ్లీ ఒకసారి చూసుకోవాలి.

నంబర్ల సంగతి సర్దుకున్నా చోటు సంగతి మిగులుతుంది. ఇలాంటి యాప్‌లు దగ్గర్లో ఉన్నవాళ్లను ముందుకు తెస్తాయి. యాప్ తెరిచినప్పుడు మనం ఉన్న చోటు నమోదవుతుంది. మధ్యాహ్నం భోజనం వేళ ఆఫీసు క్యాంటీన్‌లో యాప్ తెరిచిన మనిషి, అదే భవనంలో అదే సమయంలో యాప్ చూస్తున్నవాళ్లకు కిలోమీటరు లోపు దూరంలో ఉన్నట్టు కనిపించవచ్చు. సహోద్యోగుల కంట పడకూడదనుకుంటే ఆఫీసులో యాప్ తెరవకపోవడమే తొలి జాగ్రత్త. ఊరికి వెళ్లినప్పుడూ అంతే. హైదరాబాద్‌లో వేల ప్రొఫైళ్ల మధ్య ఒక మొహం కలిసిపోతుంది. చిన్న ఊళ్లో యాప్ వాడేవాళ్లు కొద్దిమందే కాబట్టి అదే మొహం నాలుగైదు సార్లు వేలు కదిపేసరికి ముందుకొస్తుంది. పండక్కి రైలెక్కే ముందు టిండర్‌లో Enable Discovery అన్న మీటను ఆపేయాలి. అప్పుడు కొత్తవాళ్లకు ప్రొఫైల్ వెళ్లదు. ఇప్పటికే మ్యాచ్ అయినవాళ్లతో మాత్రం మాటలు సాగించవచ్చు. అయితే అంతకుముందు మనం లైక్ కొట్టినవాళ్లకు ప్రొఫైల్ ఇంకా కనిపించే వీలుందని గుర్తుంచుకోవాలి.

ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే ప్రొఫైల్ పోయినట్టే అనుకునేవాళ్లు ఎందరో. పోదు. యాప్ పోయినా ఖాతా అలాగే ఉంటుంది, ఎవరో ఒకరికి కనిపిస్తూనే ఉండొచ్చు. నిశ్చితార్థం అయ్యాక ఇంట్లో గొడవలు రేపేది చాలాసార్లు ఇలా మరిచిపోయిన ఖాతానే. యాప్ తీసేసే ముందు సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఖాతానే తొలగించాలి.

డబ్బు కట్టగలిగినవాళ్లకు ఇంకో దారి ఉంది. టిండర్ 2023 ఫిబ్రవరిలో ఇన్‌కాగ్నిటో అనే పద్ధతి పెట్టింది, బంబుల్‌లోనూ ఇలాంటిదే ఉంది. ఇందులో మనం లైక్ కొట్టినవాళ్లకు తప్ప ఇంకెవరికీ మన ప్రొఫైల్ కనిపించదు. ఏ నంబరుతో వచ్చినా సరే, అక్కర్లేని మనిషికి దారి మూసుకుపోతుంది. బ్లాక్ జాబితా కన్నా ఇదే గట్టిది. ఇబ్బంది ఒక్కటే, ఎదురుచూస్తూ కూర్చుంటే ఎవరూ రారు. ప్రతిసారీ మొదటి అడుగు మనమే వేయాలి. పొరపాటున ఒక లైక్ వెళ్లినా ఆ మనిషికి ముసుగు తొలగినట్టే.

ఎన్ని మీటలు నొక్కినా ఆపలేనిది మాత్రం స్నేహితుల ఫోన్. హాస్టల్లో పక్క మంచం అమ్మాయి యాప్ చూస్తుంటే బావ వాళ్ల క్లాస్‌మేట్ తొంగిచూస్తాడు. ఎవరో స్క్రీన్‌షాట్ తీసి పంపుతారు, అది తీసినట్టు మనకు తెలియదు. అందుకే ప్రొఫైల్‌లో ఏముందన్నది ఎవరికి కనిపిస్తుందన్నంత ముఖ్యం. కంపెనీ పేరు, కాలేజీ పేరు, హోదా మూడూ పెట్టి, పైగా ఇన్‌స్టాగ్రామ్ కూడా కలిపితే ఇంటిపేరు చెప్పినట్టే. కంపెనీ పేరు బదులు చేసే పని రాస్తే చాలు. వాట్సాప్ డీపీ, లింక్డ్‌ఇన్ ఫొటో ఇక్కడ వాడకూడదు. ఒకే ఫొటో మూడు చోట్లా ఉంటే, ఆ ఫొటోతో వెతికి మనిషిని పట్టుకోవడం సులువు.

ఇక ఇన్ని చేశాక కూడా ఒక రాత్రి టీమ్ లీడ్ మొహం తెర మీదికి వచ్చిందనుకుందాం. గుండె ఝల్లుమంటుంది. అప్పుడు చేయకూడని పనులు రెండు. సరదాకని లైక్ కొట్టకూడదు, స్క్రీన్‌షాట్ తీసి స్నేహితురాలికి పంపకూడదు. మన రహస్యం ఎంత విలువైనదో ఆయనదీ అంతే. ఊరికే ఎడమవైపుకు నెట్టేస్తే సరిపోతుందనుకుంటారు కానీ, అలా నెట్టిన ప్రొఫైల్ మళ్లీ రావచ్చు. దాని బదులు ఆ ప్రొఫైల్ తెరిచి బ్లాక్ చేయాలి. మ్యాచ్ కాకముందే ఇలా బ్లాక్ చేసే వీలు టిండర్ 2023లో కల్పించింది. రిపోర్ట్ అన్నది వేరు, అది తప్పు చేసినవాళ్ల మీద ఫిర్యాదు. తెలిసినవాడు కనిపించాడన్న కారణంతో దాన్ని వాడటం అన్యాయం.

బ్లాక్ కొట్టాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది, ఆయన ముందే చూసి ఉంటే? అది తెలుసుకునే దారి లేదు. మర్నాడు ఆఫీసులో ఎప్పటిలాగే ఉండటమే మంచిది. ఆయన కూడా అదే యాప్‌లో ఉన్నాడు కాబట్టి మాట పెంచాలన్న ఉబలాటం ఆయనకూ ఉండకపోవచ్చు. కనిపించిన మనిషికి పెళ్లయిందని తెలిసినా అక్కడికక్కడ తీర్పు చెప్పకూడదు. అది మరిచిపోయిన పాత ఖాతా కావచ్చు, ఎవరో ఆయన ఫొటోలతో తెరిచిన నకిలీ ఖాతా కూడా కావచ్చు.

చుట్టమైతే లెక్క మారుతుంది. మేనత్త కొడుకు వరసైనవాడు. మన ఇళ్లలో ఆ మాట వెనక పెళ్లి ఊసు ఎప్పుడూ ఉంటుంది. అతను చూశాడని అనుమానం వస్తే మౌనం కన్నా ముందుగా ఒక మాట అనడమే నయం, అదీ ఈడు కలిసి, చనువు ఉన్నప్పుడు మాత్రమే. “బావా, నువ్వు నన్ను యాప్‌లో చూసే ఉంటావు. ఇంట్లో చెప్పాల్సినప్పుడు నేనే చెప్తాను. అప్పటిదాకా నీ దగ్గరే ఉంచు” అంటే చాలు. సంజాయిషీ అక్కర్లేదు, అతను అక్కడ ఎందుకున్నాడని అడగనూ అక్కర్లేదు. పెద్దవాళ్ల వరసలో ఎవరైనా కనిపిస్తే ఈ మాట పనికిరాదు, బ్లాక్ చేసి ఊరుకోవాలి.

స్వలింగ ప్రేమికుల విషయంలో పణం ఇంకా పెద్దది. సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్‌లో 377 సెక్షన్ నుంచి పరస్పర సమ్మతితో ఉండే పెద్దలను తప్పించింది కానీ, ఇంట్లోంచి గెంటేస్తారన్న భయాన్ని ఏ తీర్పూ తప్పించలేదు. అందుకే చాలామంది మొహం లేని ఫొటోతో మొదలుపెట్టి, నమ్మకం కుదిరాకే అసలు ఫొటో పంపుతారు. ఇది అతిజాగ్రత్త అనిపించుకోదు. ఇలాంటి యాప్‌లో చుట్టం కనిపిస్తే ఆ సంగతి మూడో మనిషి చెవిన పడనీయకూడదు.

చూసినవాళ్లు ఊరుకోకపోతే అది వేరే కథ. సహోద్యోగి ప్రొఫైల్ సంగతి ఎత్తి ఆఫీసులో లైంగిక వ్యాఖ్యలు చేసినా, వద్దన్నా సందేశాలు పంపుతున్నా, పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం కింద ఫిర్యాదు చేయవచ్చు. పది మందీ అంతకు మించీ పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణముంటే కమిటీ మరో మూడు నెలలు గడువు పెంచగలదు. డబ్బివ్వకపోతే మీ నాన్నకు పంపుతానని ఎవరైనా బెదిరిస్తే అది బలవంతపు వసూలు, పోలీసు కేసు. cybercrime.gov.in లో ఫిర్యాదు ఇవ్వొచ్చు, డబ్బు ఇప్పటికే పోయి ఉంటే 1930కి వెంటనే ఫోన్ చేయాలి.

ఈ సందర్భాల్లో మాత్రం బ్లాక్ కొట్టే ముందు ఆగాలి. బ్లాక్ చేసినా, మ్యాచ్ తీసేసినా మాటలు జరిగిన పేజీ మన తెర మీంచి కూడా పోతుంది. ముందు ఆ ప్రొఫైల్‌నూ, సందేశాలనూ తేదీలూ సమయాలూ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, నమ్మకస్తుల దగ్గర ఒక కాపీ ఉంచి, ఆ తర్వాత యాప్‌లో రిపోర్ట్ చేసి, చివర్లో బ్లాక్ చేయాలి.