‘రాంచీ’ అంటే ఊరు పేరు కాదు
అండమాన్ ఆఫీసుల్లో ఏ వేళాకోళం చెల్లుతుంది?

శ్రీ విజయపురం (2024 వరకు పోర్ట్‌బ్లెయిర్) ఆఫీసుల్లో బెంగాలీలు, తమిళులు, తెలుగువారు పక్కపక్క కుర్చీల్లోనే పనిచేస్తారు. 2011 జనగణన ప్రకారం దీవుల్లో తెలుగు మాతృభాషగా గలవారు 13 శాతం. అందరినీ కలిపేది హిందీ. స్త్రీలింగం, పుంలింగం తారుమారు చేసే తెలుగు ఉద్యోగిని బెంగాలీ ఆటపట్టిస్తే, అతని ఉచ్చారణను అనుకరించి తెలుగువాడు బాకీ తీర్చుకుంటాడు. ఇద్దరికీ హిందీ అరువు భాషే కనుక ఎవరూ నొచ్చుకోరు.

చిక్కల్లా తాతలు దీవులకు ఎలా వచ్చారన్న దాని జోలికి వెళితేనే. 1918 నుంచి అడవులు నరకడానికి ఛోటానాగ్‌పూర్ నుంచి ఓరాన్, ముండా, ఖరియా కూలీలను తెచ్చారు. అందరికీ ‘రాంచీ’ అన్న ఒకే పేరు అంటుకుంది. జార్ఖండ్‌లో షెడ్యూల్డు తెగలైన వీరికి ఇక్కడ ఆ హోదా లేదు. కాబట్టి మోటు పని కనిపించగానే “రాంచీని పిలవండి” అనడం కొత్తగా బదిలీపై వచ్చినవారికి హాస్యమే కావచ్చు. వినేవారికి అది కూలి ముద్ర.

1942కు ముందే స్థిరపడిన ఖైదీల సంతతి తమను ‘లోకల్’ అని గర్వంగా చెప్పుకుంటారు. కాలాపానీపై వారే జోకులు వేసుకోవచ్చు. “మీ తాత చేసిన నేరమేంటి?” అని బయటివారు అడిగితే మాత్రం నవ్వు ఆగిపోతుంది.

తేడా తెలుసుకోవడం కష్టం కాదు. చెల్లే వేళాకోళానికి అదే స్థాయిలో జవాబు వస్తుంది. చెల్లనిదానికి మౌనమే వస్తుంది.