ఆఫర్ తీసుకున్నాక ఉన్నచోటే ఉండిపోతే, రిక్రూటర్‌కు ఏమని చెప్పాలి?

హైదరాబాద్ ఐటీ కంపెనీల్లో రాజీనామా పెట్టిన ఉద్యోగి చాలాచోట్ల తొంభై రోజులు నోటీసులో ఉండాలి. ఉన్న కంపెనీ మనసు మార్చుకోవడానికి మూడు నెలలు చాలా ఎక్కువ సమయం. నిన్నటిదాకా బడ్జెట్ లేదన్న మేనేజరే, రాజీనామా మెయిల్ చూశాక రెండు మూడు వారాల్లో కొత్త జీతం పట్టుకుని మాట్లాడటానికి వస్తాడు. దీన్నే కౌంటర్ ఆఫర్ అంటున్నారు. అది తీసుకోవాలా వద్దా అని ఇంట్లో, స్నేహితుల మధ్య ఎంతో చర్చ నడుస్తుంది. తీసుకున్నాక కొత్త ఉద్యోగం ఇప్పించిన రిక్రూటర్‌కు ఆ మాట ఎలా చెప్పాలన్న దగ్గర మాత్రం చాలామంది ఆగిపోతారు. ఫోన్ ఎత్తడం మానేస్తారు. చేరాల్సిన రోజు ఉదయం దాకా నెట్టుకొచ్చి, వాట్సాప్‌లో ఒక్క ముక్క పెట్టి నంబర్ బ్లాక్ చేసేవాళ్లూ ఉన్నారు.

రిక్రూటర్ కోపానికి కారణం తెలియాలంటే ఆమె జీతం ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలి. కన్సల్టెన్సీ తరఫున పనిచేసే రిక్రూటర్ అభ్యర్థి దగ్గర పైసా తీసుకోదు. ఆమె సంస్థకు డబ్బిచ్చేది ఉద్యోగిని తీసుకుంటున్న కంపెనీ. మన దేశంలో ఎక్కువగా వినిపించే రేటు వార్షిక ప్యాకేజీలో 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. కొన్ని పోస్టులకు ఇంతకంటే ఎక్కువే ఉంటుంది. ఇరవై నాలుగు లక్షల ప్యాకేజీ మీద అది దాదాపు రెండు లక్షలు. ఆఫర్ లెటర్ ఇచ్చినంత మాత్రాన ఆ డబ్బు రాదు. అభ్యర్థి చేరాకే బిల్లు వేస్తారు. చేరినవాడు మొదటి రెండు మూడు నెలల్లో మానేస్తే ఇంకొకరిని ఉచితంగా వెతికిపెట్టాలన్న షరతు కూడా ఒప్పందాల్లో మామూలే. కాబట్టి అభ్యర్థి రాకపోతే రెండు మూడు నెలల శ్రమకు రూపాయి కూడా రాదు. కంపెనీ సొంత హెచ్ఆర్‌లో ఉండే రిక్రూటర్‌కు కమీషన్ ఉండదు కానీ, ఆఫర్లు తీసుకున్నవాళ్లలో ఎందరు చేరారన్న లెక్క మీదే ఆమె పనితీరును కొలుస్తారు.

ఆ నష్టాన్ని అభ్యర్థి తీర్చలేడు. తగ్గించగలడు. అందుకు అతని చేతిలో ఉన్నది రోజులే. ఒక ఊహాజనిత ఉదాహరణతో ఇది తేలిగ్గా తెలుస్తుంది.

మాదాపూర్‌లో పనిచేసే ఒక ఇంజనీర్ ఉన్నాడనుకుందాం. ప్యాకేజీ పద్దెనిమిది లక్షలు. కన్సల్టెన్సీ ద్వారా ఇరవై నాలుగు లక్షల ఆఫర్ వచ్చింది, సంతకం చేశాడు. జూన్ 2న రాజీనామా పెట్టాడు. ఆగస్టు 30 ఆఖరి పనిదినం, సెప్టెంబర్ 1న కొత్త చోట చేరాలి. జూన్ 24న మేనేజర్ పిలిచి ఇరవై మూడు లక్షలు ఇస్తామని, తాను ఎప్పటి నుంచో అడుగుతున్న టీమ్ లీడ్ బాధ్యత కూడా ఇస్తామని చెప్పాడు. ఉండిపోవాలని ఇంజనీర్‌కు అనిపించింది.

ఇప్పుడే రిక్రూటర్‌కు ఫోన్ చేస్తే తొందరపాటవుతుంది. మేనేజర్ నోటిమాట మీద కొత్త ఆఫర్ వదులుకున్నాక, పైవాళ్లు ఒప్పుకోలేదంటే రెండూ పోతాయి. చేతికి రెండు కాగితాలు రావాలి. ఒకటి సవరించిన జీతం లెటర్: ఎంత, ఏ తేదీ నుంచి, అందులో ప్రతినెలా వచ్చేదెంత, ఒక్కసారి ఇచ్చేదెంత అన్నది అందులో ఉండాలి. మన ఇంజనీర్‌కు చెప్పిన ఇరవై మూడు లక్షల్లో లక్షన్నర రిటెన్షన్ బోనస్ అని, ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలని లెటర్ చూస్తేనే తెలిసింది. రెండోది రాజీనామా ఉపసంహరణకు హెచ్ఆర్ ఆమోదం. దీన్ని చాలామంది పట్టించుకోరు. మేనేజర్ ఉండమన్నా పోర్టల్‌లో రాజీనామా అలాగే ఉంటే ఆఖరి తేదీ కూడా అలాగే ఉంటుంది. ఆ తేదీ రాగానే లాగిన్ ఆగిపోవచ్చు, చివరి నెల జీతం సెటిల్‌మెంట్ కింద నిలిచిపోవచ్చు.

ఈ కాగితాలు రావడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే రిక్రూటర్ ఫోన్ వస్తుంది. అభ్యర్థి జారిపోతాడేమోనన్న అనుమానంతో నోటీసు కాలమంతా వారానికోసారి పలకరించడం వాళ్లకు అలవాటు. అప్పుడు ‘అంతా బాగానే ఉంది, సెప్టెంబర్ 1న వచ్చేస్తా’ అనడమే అసలు దెబ్బ. ‘ఉండమని మా ఆఫీసులో అడుగుతున్నారు మేడమ్, నేనింకా తేల్చుకోలేదు, శుక్రవారం లోపల మీకు కచ్చితంగా చెప్తాను’ అంటే ఆమె తన జాగ్రత్తలో తానుంటుంది. రెండో స్థానంలో నిలిచిన అభ్యర్థి ఇంకా దొరుకుతాడేమో అప్పుడే చూసుకుంటుంది. చెప్పిన శుక్రవారం మాత్రం దాటకూడదు.

జూన్ 27న రెండు కాగితాలూ వచ్చాయి. అదే రోజు ఫోన్ చేయాలి. మెయిల్ తర్వాత. మెయిల్ ఒక్కటే పంపితే తప్పించుకున్నట్టు కనిపిస్తుంది, ఫోన్ ఒక్కటే చేస్తే ఆమె తన క్లయింట్‌కు చూపించడానికి ఏమీ ఉండదు. ఫోన్‌లో ముందు ఫలితం చెప్పాలి, కారణం తర్వాత చెప్పొచ్చు. సంభాషణ ఇంచుమించు ఇలా నడుస్తుంది.

‘మేడమ్, ఒక్క నిమిషం మాట్లాడొచ్చా? నేను ఇక్కడే ఉండిపోవాలని నిర్ణయించుకున్నాను. సెప్టెంబర్‌లో చేరడం లేదు. మీకు ఇబ్బంది అవుతుందని తెలుసు, అందుకే మెయిల్‌కు ముందు ఫోన్ చేశాను.’

‘అయ్యో, ఇప్పుడా అండీ చెప్పేది? క్లయింట్‌కు నేనేం చెప్పాలి? వాళ్లు ఎంతిస్తున్నారు?’

‘జీతం సవరించారు. నేను అడుగుతున్న లీడ్ రోల్ కూడా ఇచ్చారు, ముఖ్యంగా దానికోసమే ఉంటున్నాను. లెటర్ వచ్చింది, రాజీనామా వెనక్కి తీసుకున్నాను.’

‘క్లయింట్‌తో మాట్లాడి ఇరవై ఆరు చేయిస్తే?’

‘వద్దు మేడమ్. జీతం పెంచించుకోవడానికి ఫోన్ చేయలేదు. మీరు వాళ్లను అడగొద్దు, అడిగి తెచ్చాక నేను కాదంటే మీకే మాట వస్తుంది.’

ఈ ఆఖరి జవాబు దగ్గరే చాలామంది జారిపోతారు. ఇరవై ఆరు అనగానే ‘చూద్దాం’ అంటారు. ఆమె హైరింగ్ మేనేజర్‌ను బతిమాలి, పైఅనుమతి తెప్పిస్తుంది. ఆ అంకె చూపించి అభ్యర్థి ఉన్న కంపెనీలో ఇంకో లక్ష పెంచించుకుంటాడు. అలా చేస్తే ఆమె సంస్థకు ఫీజు పోవడంతో ఆగదు, క్లయింట్ దగ్గర మాట కూడా పోతుంది. కాదన్నందుకు రిక్రూటర్లు ఎక్కువ కాలం కోపం పెట్టుకోరు, కౌంటర్ ఆఫర్లు వాళ్లకు రోజూ ఎదురయ్యేవే. తమను బేరానికి వాడుకున్నవాణ్ని మాత్రం గుర్తుపెట్టుకుంటారు. కొత్త చోటు ఎక్కువ ఇస్తే వెళ్లాలన్న ఆలోచన నిజంగానే ఉంటే, దాన్ని ఉన్న కంపెనీ లెటర్‌కు ఒప్పుకోకముందే తేల్చుకోవాలి.

జీతం అంకె చెప్పాలా? అక్కర్లేదు. అడిగినా ‘సవరించారు’ అంటే చాలు. కానీ చెప్పిన కారణం నిజమై ఉండాలి. నాన్నకు ఒంట్లో బాగాలేదనో, పెళ్లి కుదిరిందనో చెప్పి తప్పించుకోవడం మన దగ్గర బాగా వాడుకలో ఉంది. అది నిలవదు. నెల తిరక్కుండా లింక్డ్‌ఇన్‌లో టీమ్ లీడ్ హోదా కనిపిస్తుంది, ఆ పోస్టును మొదట చూసేది ఆ రిక్రూటరే. పైగా హైటెక్ సిటీ, గచ్చిబౌలి కంపెనీల హెచ్ఆర్‌లు ఎప్పుడూ ఒకేచోట ఉండరు. ఇవాళ కన్సల్టెన్సీలో ఉన్నామె రెండేళ్లకు ఏదో కంపెనీలో నియామకాల బాధ్యత చూస్తుంటుంది.

ఫోన్ అయిన గంటలోపు మెయిల్ వెళ్లాలి. ఐదారు వాక్యాలు చాలు. ఆఫర్ తేదీ, పోస్టు పేరు, చేరడం లేదన్న స్పష్టమైన మాట, ఒక్క వాక్యంలో కారణం, వాళ్లు వెచ్చించిన సమయానికి కృతజ్ఞత. ఆఫర్‌పై సంతకం చేశాడు కాబట్టి కంపెనీ హెచ్ఆర్‌కు కూడా కాపీ పెట్టాలి, ముందు ఆ సంగతి రిక్రూటర్‌కు చెప్పాలి. తన క్లయింట్‌కు తానే మొదట చెప్పుకోవాలని ఆమెకు ఉంటుంది, ఆ అవకాశం ఇవ్వడం మర్యాద. జాయినింగ్ బోనస్ ముందే జమ అయినా, ల్యాప్‌టాప్ ఇంటికి చేరినా, ఎప్పుడు ఎలా తిరిగిస్తాడో ఆ మెయిల్‌లోనే రాయాలి. చేరకపోతే డబ్బు కట్టాలన్న షరతు లెటర్‌లో ఉందేమో మెయిల్ పంపకముందే చదువుకోవాలి. ఉంటే, ఆ షరతు ఎంతవరకు చెల్లుతుందో లాయర్‌ను అడగాలి.

ఇప్పుడు తేదీల లెక్కకు వద్దాం. జూన్ 27న తెలిస్తే రిక్రూటర్ వారంలోపు రెండో అభ్యర్థికి ఆఫర్ ఇప్పించగలదు. అతను జూలై మొదట్లో రాజీనామా పెడితే, తొంభై రోజులు పోయినా అక్టోబర్ మొదటివారంలో చేరతాడు. కంపెనీకి ఐదు వారాలు ఆలస్యం, కన్సల్టెన్సీకి ఫీజు నిలిచింది. అదే మాట ఆగస్టు 29న తెలిస్తే ఆ రెండో అభ్యర్థి ఈపాటికి ఇంకెక్కడో కుదిరిపోయి ఉంటాడు. కొత్తగా ఇంటర్వ్యూలు పెట్టి, సెప్టెంబర్ చివర ఆఫర్ ఇచ్చి, మళ్లీ తొంభై రోజులు ఎదురుచూడాలి. పోస్టు డిసెంబర్ ఆఖరుకు గాని నిండదు. అంతవరకు క్లయింట్ ఆగుతుందన్న హామీ కూడా లేదు, ఆ పనిని ఇంకో కన్సల్టెన్సీకి ఇచ్చేయొచ్చు. కారణం అదే అయినా, రెండు నెలల ముందు చెప్పినవాడు ఆ కంపెనీ రికార్డులో ఆఫర్ వద్దన్నవాడిగా ఉంటాడు, చేరే రోజు మాయమైనవాడు రాకుండా పోయినవాడిగా మిగులుతాడు. రెండేళ్ల తర్వాత మళ్లీ దరఖాస్తు పెడితే మొదటివాణ్ని పిలుస్తారు, రెండోవాడి రెజ్యూమే చాలాచోట్ల ముందుకు కదలదు.

ఇక మిగిలింది చిన్న పని, కానీ రిక్రూటర్లు దాన్ని గమనిస్తారు. నౌకరీ ప్రొఫైల్‌లో ‘నోటీసులో ఉన్నాను’ అన్న గుర్తు తీసేయాలి. అది అలాగే ఉంటే మిగతా కన్సల్టెన్సీల ఫోన్లు వస్తూనే ఉంటాయి, మన రిక్రూటర్‌కు కూడా అదే వెతుకులాటలో ఆ పేరు మళ్లీ తగులుతుంది. అప్పుడు నిజంగా ఉండిపోయాడా, ఇంకో ఆఫర్ కోసం అబద్ధమాడాడా అన్న సందేహం ఆమెకు సహజం. అదే పోస్టుకు సరిపోయే మిత్రుడెవరైనా ఉంటే, ముందు అతణ్ని అడిగి ఒప్పుకున్నాకే నంబర్ ఇవ్వాలి. ఖాళీ అయిన పోస్టు కాబట్టి ఆ మిత్రుడు పదిహేను రోజుల్లో చేరగలిగేవాడైతే, ఆమె ఆ సాయంత్రమే అతనికి ఫోన్ చేస్తుంది.