16 ఎంబీల్లో అత్తయ్య గొంతు

పోయిన వేసవిలో మా మేనత్తను కూర్చోబెట్టి గంటన్నర మాట్లాడించాను. పుట్టింటి పొలాలు, పెళ్లిళ్లు, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఏ చెరువు ఎప్పుడు తెగింది, అన్నీ చెప్పింది. ఫోను మంచం మీద పెట్టాను. పైన ఫ్యాను తిరుగుతోంది. అయ్యాక చూస్తే ఫైలు 86 ఎంబీలు. అమెరికాలో ఉన్న మా బావకు, అంటే అత్తయ్య కొడుక్కి, పంపాలి. "లింకులు వద్దురా, కొన్నాళ్లకి తెరుచుకోవు. మెయిల్లోనే పెట్టు, ఎప్పుడు కావాలన్నా వెతుక్కుంటాను" అన్నాడు.

జీమెయిల్లో పెట్టగలిగేది 25 ఎంబీలు. ముందు జిప్ చేసి చూశాను. 86 కాస్తా 85 అయింది, అంతే. ఉత్తరాలు, లెక్కల పట్టీలు జిప్ చేస్తే బాగా తగ్గుతాయి, ఎందుకంటే వాటిలో ఒకటే మాట, ఒకటే అంకె పదేపదే వస్తుంటాయి. ఫోను రికార్డు చేసిన ఎం4ఎ ఫైలు అప్పటికే కుదించింది. పిండేసిన బట్టను మళ్లీ పిండితే చుక్క కూడా రాదు.

తరువాత ఒక యాప్‌లో అన్నిటికంటే చిన్న సైజు ఎంచుకున్నాను. ఏఎమ్ఆర్ అనే ఫార్మాట్లో 8 ఎంబీలకు దిగింది. సంబరపడి పంపాను. మర్నాడు బావ ఫోను చేశాడు. "అమ్మ గొంతేరా, కానీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంది. పేర్లు అందట్లేదు. ఆ గాజుల చప్పుడు కూడా లేదు."

ఆయన చెప్పినదాంట్లోనే కారణం ఉంది. ఏఎమ్ఆర్ పాత సెల్‌ఫోను కాల్స్ కోసం చేసిన ఫార్మాటు. సెకనుకు 8,000 సార్లు మాత్రమే శబ్దాన్ని కొలుస్తుంది. అలా కొలిచినప్పుడు అందులో సగం వరకు, అంటే 4,000 హెర్ట్జ్ వరకు ఉన్న ధ్వనులే మిగులుతాయి. అచ్చులకు అది చాలు. 'ఆ', 'ఓ' లాంటి వాటి బలమంతా కిందనే ఉంటుంది, అందుకే గొంతు ఎవరిదో ఇట్టే పోల్చుకోగలం. 'స' సంగతి వేరు. దాని బుస ఎక్కువగా 4,000కు పైనే ఉంటుంది. 'ఫీజు'లోని 'ఫ'కూ దానికీ తేడా తెలిసేది అక్కడే. ఫోనులో కొత్త పేరు చెబుతూ "స అండీ, సరస్వతిలో స" అని విడమరచాల్సి రావడం ఇందుకే. మామూలు మాటల్లో సందర్భాన్ని బట్టి అర్థం చేసుకుంటాం. ఊరి పేరుకీ మనిషి పేరుకీ ఆ ఆసరా ఉండదు. అత్తయ్య చెప్పిందంతా పేర్లే.

కాబట్టి సైజు తగ్గించాలి, పైధ్వనులు మాత్రం పోకూడదు. దానికి ముందు ఎంతలో సర్దాలో తెలియాలి. 25 ఎంబీల హద్దు అంటే 25 ఎంబీల ఫైలు పట్టేస్తుందని కాదు. ఈమెయిలు పుట్టింది అక్షరాలు మోయడానికి. ఆడియో లాంటివి పంపేటప్పుడు ప్రతి మూడు బైట్లనూ నాలుగు అక్షరాలుగా మారుస్తారు. అందుకని 24 ఎంబీల ఫైలు దారిలో 32 దాటుతుంది, మొత్తం ఉత్తరాన్ని 25 దగ్గర కొలిచే సర్వరైతే తిప్పి పంపేస్తుంది. నేను 18 ఎంబీలు దాటనివ్వను.

ఇక లెక్క చాలా తేలిక. గంటన్నర అంటే 5,400 సెకన్లు. 18 ఎంబీలు అంటే 18,000 కిలోబైట్లు, ఎనిమిదితో గుణిస్తే 1,44,000 కిలోబిట్లు. దాన్ని 5,400తో భాగిస్తే సెకనుకు దాదాపు 26.7 కిలోబిట్లు. అదే మన బడ్జెట్. ఫోను రికార్డు చేసింది 128లో. 24 అనుకుంటే ఫైలు 16.2 ఎంబీలకు వస్తుంది, కాస్త జాగా మిగులుతుంది.

ఆ 24ను దేనికి ఖర్చు పెడుతున్నామన్నదే అసలు విషయం. మా ఫోను స్టీరియోలో రికార్డు చేసింది. మంచం మీద కూర్చున్న ఒక మనిషి గొంతుకు కుడి, ఎడమ అని రెండు దారులు అక్కర్లేదు. రెంటినీ కలిపి మోనో చేస్తే బడ్జెట్ మొత్తం ఒక్క గొంతుకే దక్కుతుంది. రెండోది ఫ్యాను. మనం కాసేపటికి దాన్ని పట్టించుకోం గానీ, కుదించే ప్రోగ్రామ్‌కి అదీ మాటలాంటి శబ్దమే. ఆ హోరు ఏ క్షణానికా క్షణం మారుతుంటుంది కాబట్టి దాన్ని చిన్నగా కుదించడం కష్టం, బిట్లు అటు పోతుంటాయి. 80 హెర్ట్జ్ కన్నా కింద ఉన్న గరగరను కోసేస్తే నష్టం లేదు, ఆడవాళ్ల గొంతు అంత కిందికి దిగదు. మిగతా హోరును ఆడాసిటీలోని నాయిస్ రిడక్షన్‌తో 6 డెసిబెల్స్ వరకు తగ్గించవచ్చు. ఇంకా లాగితే ఫ్యానుతో పాటు 'స', 'శ' కూడా పోతాయి, ఎందుకంటే అవీ హోరు లాంటి ధ్వనులే. ఈసారి వెళ్లినప్పుడు ఫ్యాను కట్టేసి మాట్లాడిస్తాను.

మూడోది ఫార్మాటు. 24 కిలోబిట్ల దగ్గర ఎంపీ3 అలిసిపోతుంది, పైధ్వనులను తనే కోసేసుకుంటుంది. 2012లో ప్రమాణంగా వచ్చిన ఓపస్ మాటను తక్కువ బిట్లలో బాగా మోస్తుంది. వాట్సాప్ వాయిస్ మెసేజీలు వెళ్లేది అందులోనే. కంప్యూటర్లో ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంటే ఒక్క వరుస చాలు:

```
ffmpeg -ss 00:41:00 -t 30 -i attayya.m4a -ac 1 -af highpass=f=80 -c:a libopus -b:a 24k -application voip test.opus
```

ఇందులో `-ac 1` మోనో చేస్తుంది, `highpass` కింది గరగరను తీస్తుంది, `24k` మన బడ్జెట్. మొదట్లో ఉన్న `-ss 00:41:00 -t 30` మాత్రం పరీక్ష కోసం. 41వ నిమిషం నుంచి ముప్పై సెకన్లే తీస్తుంది. అక్కడ అత్తయ్య వరసగా తోడికోడళ్ల పేర్లు చెబుతుంది, మధ్యలో నేను మాట్లాడతాను. రికార్డింగ్ మొత్తంలో కష్టమైన చోటు అదే. నిదానంగా మాట్లాడిన చోట ఏ ఫార్మాటైనా బాగానే వినిపిస్తుంది, దాన్నిబట్టి నిర్ణయించకూడదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని అసలు ఫైలునూ దీన్నీ ఒకదాని తరువాత ఒకటి వినాలి. మాటల చివర నీళ్లు గుడగుడలాడినట్టు ఉంటే బిట్లు చాలలేదని. 'స'లు మొద్దుబారితే పైధ్వనులు తెగిపోయాయని. రెండూ లేవని తేలాక ఆ పరీక్ష ముక్క తీసేసి, చివర్లో ఫైలు పేరు మార్చి మొత్తం మీద నడిపాను.

ఎప్పుడైనా అసలు ఫైలు నుంచే మొదలుపెట్టాలి. నా 8 ఎంబీల ఏఎమ్ఆర్‌ను 24కి పెంచినా పోయిన ధ్వనులు తిరిగి రావు, కుదించినదాన్ని మళ్లీ కుదిస్తే ఇంకొన్ని పోతాయి. ఆ 86 ఎంబీల ఫైలును రెండు చోట్ల దాచాను.

ఓపస్‌తో ఒక చిక్కుంది. కొన్ని ఫోన్లలో, పాత కంప్యూటర్లలో అది తెరుచుకోదు. పెద్దవాళ్లకు పంపేటప్పుడు ఎంపీ3యే మేలు, కాకపోతే రికార్డింగ్‌ను సగానికి కోసి రెండు మెయిళ్లలో పంపాలి. 45 నిమిషాలకు మోనోలో 48 కిలోబిట్లు ఇస్తే అదీ 16.2 ఎంబీలే అవుతుంది, ఆ రేటులో ఎంపీ3కి మాట బాగానే పలుకుతుంది. ఆడాసిటీలో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు మోనో, కాన్‌స్టంట్, 48 అని ఎంచుకుంటే సరి. కోసేటప్పుడు మాట మధ్యలో కాకుండా ఊపిరి తీసుకునే చోట కోయాలి.

బావకు ఓపస్ తెరుచుకుంది. ఆ రాత్రే మళ్లీ ఫోను చేశాడు. చిన్నప్పుడు తనను ఎత్తుకున్న సరస్వతమ్మ ఎవరో ఇప్పుడు తెలిసిందన్నాడు. "అమ్మ చెయ్యి తిప్పుతూ చెబుతోంది కదూ అక్కడ," అన్నాడు, "గాజులు వినపడుతున్నాయి."