గాడిద మాంసంలో లేనిది, తోటకూరలో ఉన్నది

గుంటూరు, ప్రకాశం, కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల్లో కొన్నిచోట్ల గాడిద మాంసం గుట్టుగా అమ్ముతున్నారని కొన్నేళ్లుగా వార్తలు వస్తూనే ఉన్నాయి. తింటే మగతనం పెరుగుతుందని, నడుం నొప్పి పోతుందని నమ్మకం. గాడిద రక్తం తాగి పరుగెత్తేవాళ్లూ ఉన్నారు. మన దేశ ఆహార భద్రతా నిబంధనల్లో మాంసానికి అనుమతించిన జంతువుల్లో గాడిద లేదు. కాబట్టి కోసేముందు ఏ పశువైద్యుడూ దాన్ని పరీక్షించడు. 2012, 2019 పశుగణనల మధ్య దేశంలో గాడిదల సంఖ్య మూడు లక్షల ఇరవై వేల నుంచి లక్షా ఇరవై వేలకు పడిపోయింది.

ఇంతకీ ఆ మాంసంలో ఏముంది? కోడిలో, మేకలో, చేపలో ఉన్నట్టే మాంసకృత్తులు, ఇనుము, జింక్ ఉన్నాయి. అంతకుమించి లైంగిక శక్తి పెంచేదేదో ఉందని మనుషుల మీద చేసిన ఏ పరీక్షా చూపలేదు. జంతువు హార్మోన్ మనకు వస్తుందనుకోవడమూ పొరపాటే. నోటి ద్వారా వెళ్లిన టెస్టోస్టిరాన్‌ను చాలావరకు కాలేయమే విరిచేస్తుంది.

అంగస్తంభన ప్రధానంగా రక్తప్రసరణకు సంబంధించిన పని. కోరిక కలిగినప్పుడు అక్కడి నరాల చివరల నుంచి, రక్తనాళాల లోపలి పొర నుంచి నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు విడుదలవుతుంది. అది నాళం గోడలోని కండరాన్ని సడలిస్తుంది. నాళం విచ్చుకుని రక్తం నిండుతుంది. ఈ వాయువు రక్తనాళాలకు ఇచ్చే సంకేతాన్ని కనుగొన్నందుకే ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. పొగాకు, షుగర్, అధిక రక్తపోటు, చెడు కొలెస్ట్రాల్ ఆ లోపలి పొరను దెబ్బతీస్తాయి. పురుషాంగానికి రక్తం తీసుకెళ్లే ధమని ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉంటుంది. గుండె ధమని మూడు నాలుగు మిల్లీమీటర్లు. అందుకే పూడిక ముందు ఇక్కడ బయటపడుతుంది, ఛాతీనొప్పి చాలామందిలో రెండు మూడేళ్ల తర్వాత వస్తుంది. పడకగదిలో మొదలైన ఇబ్బందిని గుండె పంపిన కబురుగా తీసుకోవాలనేది ఇందుకే.

మరి తిండి మార్చితే ఫలితం ఉంటుందా? ఇటలీలో స్థూలకాయంతో పాటు స్తంభన సమస్య కూడా ఉన్న 110 మంది మగవాళ్లను రెండు జట్లుగా చేసి రెండేళ్లు చూశారు. 2004లో ఫలితాలు వెలువడ్డాయి. ఒక జట్టుకు తిండి తగ్గించుకోవడం, వ్యాయామం దగ్గరుండి నేర్పారు. రెండో జట్టుకు మామూలు సలహాలే ఇచ్చారు. మొదటి జట్టులో 55 మందిలో 17 మంది మాత్రల్లేకుండానే మామూలు స్థితికి వచ్చారు. రెండో జట్టులో ముగ్గురే వచ్చారు. అందరికీ నయం కాలేదు కానీ, ఏ లేహ్యమూ ఇలాంటి లెక్క చూపలేదు.

హార్మోన్ల కథా నడుము దగ్గరే తేలుతుంది. పొట్టచుట్టూ పేరుకున్న కొవ్వులోని ఒక ఎంజైమ్ టెస్టోస్టిరాన్‌ను ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. బరువు తగ్గితే టెస్టోస్టిరాన్ చాలామందిలో కొంత పెరుగుతుంది. సోయా తింటే మగవాళ్లలో అది తగ్గిపోతుందన్న భయానికి మాత్రం పరిశోధనల్లో ఆధారం దొరకలేదు.

ఇక మన కంచం సంగతి. మధ్యాహ్నం రెండు పూర్తి హస్తాల అన్నం, ఆవకాయ, వేపుడు, అప్పడం తినే మనిషి ముందు అన్నాన్ని సగం చేసుకోవాలి. ఆ ఖాళీలో ఒక కప్పు తోటకూర పప్పు, ఒక కూర పెట్టుకోవాలి. వారంలో రెండు మూడుసార్లు వేపకుండా పులుసు పెట్టిన చేపలు, రోజూ గుప్పెడు వేరుశనగలు, ఒక పండు ఉండాలి. ఆవకాయ నాలుక్కి తగిలేంత చాలు. రోజు మొత్తం ఉప్పు ఒక చెంచాకు, అంటే ఐదు గ్రాములకు మించకూడదు. తోటకూర, పాలకూర, బీట్‌రూట్‌లలో ఉండే నైట్రేట్లను నోటిలోని సూక్ష్మజీవులు నైట్రైట్లుగా మారుస్తాయి, అవి ఒంట్లో నైట్రిక్ ఆక్సైడ్ అవుతాయి. అలాగని రోజూ తోటకూర ఒక్కటే తింటే సమస్య పోదు. పనిచేసేది మొత్తం కంచం, నడక, పొగ మానడం.

మునక్కాయ, ఉల్లిపాయ తినడం మంచిదే, కానీ వాటికి అంటగట్టిన పేరుకు మనుషుల్లో సరైన రుజువు లేదు. అసలు ప్రమాదం 'మూలికా' పొట్లాలతో. గంటలో పనిచేసిందంటే అందులో సిల్డెనాఫిల్ మందు కలిసి ఉండొచ్చు. అలాంటి కల్తీలు పరీక్షల్లో ఎన్నోసార్లు బయటపడ్డాయి. గుండెకు నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు అది తింటే రక్తపోటు ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది.

కొన్ని వారాలుగా ఇబ్బంది ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లి రక్తపోటు, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోండి. టెస్టోస్టిరాన్ పరీక్ష అవసరమంటే పొద్దున్నే చేయించుకోవాలి. తక్కువగా వస్తే మరోరోజు మళ్లీ చేయించాకే నమ్మాలి. వాడుతున్న మందుల జాబితా కూడా వెంట తీసుకెళ్లండి, కొన్ని బీపీ, డిప్రెషన్ మందులూ ఈ ఇబ్బందికి కారణం కావచ్చు.