అడ్వాన్స్ తిరిగి అడిగే ఉత్తరం

అద్దెకు దిగేటప్పుడు అడ్వాన్స్ అదే రోజు ఓనర్ ఖాతాలో పడాలి. ఖాళీ చేశాక అదే డబ్బు వెనక్కి రావడానికి మాత్రం ముహూర్తం కుదరదు. "కొత్తవాళ్లు చేరగానే ఇస్తాను" అంటారు. కొత్తవాళ్లు చేరాక "పెయింటింగ్‌కి అయిపోయింది" అంటారు. ఆ తర్వాత ఫోనే ఎత్తరు. అప్పుడు రాయాల్సింది ఒక ఉత్తరం. చాలామంది దాన్ని కోపంతో రాసి చెడగొడతారు. ఉత్తరం వెళ్లేది ఓనర్ చేతికే అయినా, వ్యవహారం ముదిరితే చదివేది ఓనరూ కాదు మీరూ కాదు, లోక్ అదాలత్‌లోనో కోర్టులోనో కూర్చున్న మూడో మనిషి. ఇద్దరి మధ్య ఏం జరిగిందో ఆయనకు తెలియదు. ఆ కాగితం చదివితే ఆయనకు సంగతంతా తేటపడాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాద్ నిజాంపేటలో డబుల్ బెడ్రూమ్ ఫ్లాట్. అద్దె 26,000, అడ్వాన్స్ మూడు నెలలకు 78,000. 2022 నవంబరు 1న చేరి, నెల ముందే చెప్పి, 2025 అక్టోబరు 31న ఖాళీ చేశారు. తాళాలు తీసుకున్న రోజు ఓనర్ ఇల్లంతా తిరిగి చూసి "అంతా బాగుంది" అన్నారు. రెండు వారాల తర్వాత ఒక వాట్సాప్ మెసేజ్ పెట్టారు: పెయింటింగ్ 35,000, క్లీనింగ్ 5,000, కిచెన్ చిమ్నీ 4,000, మొత్తం 44,000 కోత, మిగిలింది కొత్తవాళ్లు అడ్వాన్స్ ఇచ్చాక. అప్పుడు వెళ్లాల్సిన ఉత్తరం ఇలా ఉంటుంది:

"గౌరవనీయులైన ఓనర్ గారికి, నమస్కారం. మీ ఫ్లాట్ నంబర్ 302లో నేను 2022 నవంబరు 1 నుంచి అద్దెకు ఉన్నాను. ఆ రోజు మీ బ్యాంకు ఖాతాకు 78,000 రూపాయలు అడ్వాన్స్‌గా పంపాను. 2025 అక్టోబరు 31న ఫ్లాట్ ఖాళీ చేసి, మూడు తాళం చెవులు మీ చేతికి ఇచ్చాను. ఆ రోజు మీరు ఫ్లాట్ చూసుకుని సంతకం చేసిన కాగితం నకలు జత చేశాను. అక్టోబరు నెలాఖరు వరకు అద్దె, మెయింటెనెన్స్ కట్టేశాను. నేను కట్టాల్సింది చివరి కరెంటు బిల్లు 1,460 రూపాయలు మాత్రమే. అది పోను నాకు రావాల్సింది 76,540 రూపాయలు. మీరు చెప్పిన 44,000 రూపాయల కోతకు అగ్రిమెంటులో ఆధారం లేదు. నా వల్ల జరిగిన నష్టం ఏదైనా ఉంటే ఫొటోలు, బిల్లులు పంపండి. అగ్రిమెంటు 6వ షరతు ప్రకారం తాళాలు అప్పగించిన రోజే అడ్వాన్స్ తిరిగి ఇవ్వాలి. డిసెంబరు 5లోగా ఈ మొత్తం నా ఖాతాకు పంపగలరు. లేకపోతే నవంబరు 1 నుంచి ఏడాదికి 7 శాతం వడ్డీతో కలిపి చట్టప్రకారం వసూలు చేసుకుంటాను."

ఇందులో నిష్ఠూరం లేదు, బెదిరింపు లేదు. "మూడేళ్లు మీ ఇంటిని సొంత ఇల్లులా చూసుకున్నాను" అన్న మాట కూడా లేదు. అది నిజమే కావచ్చు, కానీ ఆ మాటకు రుజువు చూపలేరు. తాళం చెవులు ఎన్ని, ఏ రోజు, ఎవరి చేతికి అన్నదానికి చూపగలరు. చాలా కేసులు చెడేది సరిగ్గా ఇక్కడే. ఓనర్ ఊళ్లో లేరని తాళాలు వాచ్‌మన్‌కి ఇచ్చి వెళ్లిపోతారు. తర్వాత ఓనర్ "నాకు ఇల్లు అప్పగించనే లేదు" అని ఇంకో నెల అద్దె కూడా కలుపుతారు. వాచ్‌మన్‌కి ఇవ్వక తప్పకపోతే ఆ నిమిషంలోనే ఓనర్‌కి మెసేజ్ పెట్టి, "సరే" అన్న జవాబు తెప్పించుకోవాలి.

కరెంటు బిల్లు తానే తీసేసుకోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది. ఉత్తరానికి బలం అక్కడే ఉంది. బాకీ ఉన్నది ఒప్పుకున్నవాడు మిగతాది కూడా లెక్క ప్రకారమే అడుగుతున్నాడని చదివేవారికి అనిపిస్తుంది.

పెయింటింగ్ దగ్గరే అసలు గొడవ. ఆస్తి బదిలీ చట్టం 1882 నాటిది. దాని 108వ సెక్షన్ ప్రకారం అద్దెదారు ఇంటిని తాను తీసుకున్నప్పటి స్థితిలోనే తిరిగి ఇవ్వాలి, అయితే మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు మినహాయింపు ఉంది. మూడేళ్లలో రంగు వెలవడం, సోఫా ఆనిన చోట గోడ మాయడం, చిమ్నీకి జిడ్డు పట్టడం ఆ అరుగుదలలోకే వస్తాయి. పిల్లలు స్కెచ్ పెన్నులతో గీసిన గోడ, టీవీ కోసం డ్రిల్ చేసి వదిలేసిన రంధ్రాలు, పగిలిన వాష్‌బేసిన్ రావు. వాటికి డబ్బు అడిగే హక్కు ఓనర్‌కి ఉంది, బిల్లు చూపించే బాధ్యత కూడా ఆయనదే. కానీ ఈ సెక్షన్ వర్తించేది అగ్రిమెంటులో వేరే షరతు లేనప్పుడే. ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగ్‌కి పట్టుకుంటామని రాసి ఉంటే, దానికింద మీరు సంతకం పెట్టి ఉంటే, వాదన బాగా బలహీనపడుతుంది. బెంగళూరులో ఉండే మనవాళ్లకి ఈ షరతు బాగా అనుభవమే. అడ్వాన్స్ రెండు నెలల అద్దెకు మించకూడదని 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టం అంటుంది. అది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప దాన్ని ఉత్తరంలో ఎత్తడం దండగ.

వడ్డీ మాట ఎందుకు రాయాలంటే, 1978 నాటి వడ్డీ చట్టం ఆ మాటకు విలువ ఇచ్చింది. డబ్బు ఎప్పుడు ఇవ్వాలో అగ్రిమెంటులో స్పష్టంగా ఉంటే ఆ తేదీ నుంచి కోర్టు వడ్డీ ఇప్పించవచ్చు. అలా రాసి లేకపోతే, వడ్డీ కూడా అడుగుతానని మీరు రాతపూర్వకంగా తెలిపిన నోటీసులోని తేదీ నుంచే లెక్క మొదలవుతుంది. అంటే ఆ ఒక్క వాక్యం మర్చిపోతే, దావా వేసే రోజు దాకా గడిచిన కాలానికి వడ్డీ పోగొట్టుకోవచ్చు. రేటు మాత్రం నెలకు నూటికి రెండు రూపాయల లెక్కన కాదు, బ్యాంకులు డిపాజిట్లకు ఇచ్చే రేటుకు లోబడి ఉండాలి. మన ఉదాహరణలో 7 శాతం అంటే నెలకు సుమారు 446 రూపాయలు. దాంతో ఎవరూ ధనవంతులు కారు గానీ, ఆలస్యం ఉచితం కాదని ఓనర్‌కి తెలుస్తుంది.

ఉత్తరం వాట్సాప్‌లోనూ ఈమెయిల్‌లోనూ పంపండి, కానీ పోస్టులో తప్పక పంపండి. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులో కలిసిపోయింది. కాబట్టి స్పీడ్ పోస్టులోనే, అందినట్టు రుజువు వచ్చేలా, అగ్రిమెంటులో ఉన్న చిరునామాకు పంపి, రసీదు దాచుకోవాలి. 11 నెలల అగ్రిమెంటుని మళ్లీ మళ్లీ రాసుకున్నవాళ్లు మొదటి అడ్వాన్సే కొనసాగుతోందని తాజా కాగితంలో ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే బ్యాంకు స్టేట్‌మెంట్ జత చేయాలి. ఓనర్ పంపిన మెసేజ్‌లున్న ఫోను మార్చేయకండి.

ఉత్తరం అందాక ఓనర్లు ఎక్కువగా చేసే పని కొంత డబ్బు పంపడం. మన ఉదాహరణలో 78,000లోంచి 44,000 కోత, కరెంటు బిల్లు పోను 32,540 ఖాతాలో పడుతుంది, పక్కనే "ఫైనల్ సెటిల్‌మెంట్" అన్న మెసేజ్. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే అని తర్వాత వాదిస్తారు. "32,540 కొంత మొత్తంగా అందింది, ఇంకా 44,000 రావాలి" అని వెంటనే జవాబు పెట్టాలి. "థాంక్యూ సర్" అని పెట్టకూడదు.

గడువు దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే పోలీస్ స్టేషన్‌కి వెళ్లి లాభం లేదు. ఇది సివిల్ వ్యవహారం అని పంపేస్తారు. వినియోగదారుల కమిషన్ కూడా మామూలు ఇంటి అద్దె తగాదాను సాధారణంగా తీసుకోదు. ముందు వెళ్లాల్సింది జిల్లా న్యాయసేవాధికార సంస్థకి. దావా వేయకముందే అక్కడ దరఖాస్తు ఇస్తే ఓనర్‌కి నోటీసు వెళ్తుంది, కోర్టు ఫీజు ఉండదు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డు సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు లేదు. ఓనర్ రాకపోయినా, రాజీకి ఒప్పుకోకపోయినా మిగిలేది సివిల్ దావా. దానికి గడువు, డబ్బు తిరిగి రావాల్సిన రోజు నుంచి మూడేళ్లు. ఉత్తరాల మీద ఉత్తరాలు రాసినంత మాత్రాన ఆ గడువు పెరగదు.