పొట్ట మీద చెయ్యి ఎటు తిప్పాలి?

జహీరాబాద్ మీదుగా పోయే ముంబై హైవే మీద లారీ నడిపే మనిషిని అనుకోండి. ఇంటి దగ్గర జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర. బండెక్కితే ధాబాలో పరోటాలు, టీలు. మాటిమాటికీ ఆపాల్సొస్తుందని నీళ్లు తక్కువ తాగుతాడు. పొద్దున కడుపు కదిలేవేళకు రోడ్డు మీదుంటాడు, ఆపుకుంటాడు. పెద్దపేగు తన పని తను చేసుకుపోతుంది. మలం ఎంతసేపు నిలిస్తే అంత నీటిని పీల్చేస్తుంది. నాలుగో రోజుకు మలం గట్టి ఉండలు కడుతుంది.

ఇలాంటివాళ్లకే పొట్ట మర్దన పనికొస్తుంది, దిక్కు తెలిసి చేస్తే. పెద్దపేగు కుడి తుంటి ఎముక పక్కన మొదలై, పక్కటెముకల దాకా పైకెక్కి, పొట్ట మీదుగా అడ్డంగా ఎడమకు వెళ్లి, అక్కణ్నుంచి కిందికి దిగుతుంది. చెయ్యి కూడా అదే దారిలో, అంటే గడియారం ముళ్లు తిరిగేటట్టు తిరగాలి.

పొద్దున లేచి గోరువెచ్చని నీళ్లు తాగి వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడవండి. అప్పుడే పొట్ట కండరాలు వదులవుతాయి. ముందు ఎడమవైపు పైనుంచి కిందికి పదిసార్లు రుద్దండి. బయటికిపోయే దారి ముందు ఖాళీ కావాలి కదా! తర్వాత కుడి కింది నుంచి మొదలుపెట్టి పూర్తి చుట్లు తిప్పండి. మొత్తం పది పదిహేను నిమిషాలు. వేళ్ల ఒత్తిడి పేగుకు తెలియాలి గాని నొప్పి పుట్టకూడదు. నొప్పెడితే పొట్ట బిగుసుకుంటుంది, శ్రమ వృథా.

ఆ ఒత్తిడికి పేగు గోడ సాగుతుంది, సాగితే ముడుచుకుని మలాన్ని ముందుకు నెడుతుంది. 2009లో వెలువడిన ఒక స్వీడన్ అధ్యయనంలో 60 మందిని ఎనిమిది వారాలు పరిశీలించారు. మర్దన చేయించుకున్నవాళ్లకు మలవిసర్జన ఎక్కువసార్లు అయింది, ఇబ్బంది తగ్గింది. కానీ మందుల వాడకం మాత్రం తగ్గలేదు. కాబట్టి ఇది మందుకు తోడే గాని బదులు కాదు.

ఆసనాల్లో రెండు చాలు. పవనముక్తాసనంలో ముందు కుడి మోకాలు, తర్వాత ఎడమ మోకాలు పొట్టకు అదిమి అరనిమిషం చొప్పున ఉంచండి. తొడ చేసేదీ మర్దనే. రెండోది మాలాసనం, అంటే గొంతుక్కూర్చోవడం. అలా కూర్చుంటే మలద్వారం పైన ఒంపు తిప్పి పట్టుకునే కండరం వదులై దారి తిన్ననవుతుంది. కమోడ్ వాడేవాళ్లు పాదాల కింద చిన్న పీట వేసుకుంటే దాదాపు అదే మేలు. మోకాళ్లు అరిగినవాళ్లు మాలాసనం జోలికి పోకండి, పీటే మేలు.

గర్భిణులు, హెర్నియా ఉన్నవాళ్లు, ఇటీవల సిజేరియన్ గాని పొట్ట ఆపరేషన్ గాని అయినవాళ్లు, కడుపులోని పెద్ద రక్తనాళం ఉబ్బిందని స్కానింగులో తేలినవాళ్లు పొట్ట నొక్కుకోకూడదు. తిన్న రెండు గంటల దాకా ఎవరూ మర్దన చేసుకోవద్దు.

గ్యాస్ కూడా పోకుండా పొట్ట ఉబ్బి వాంతులైతే పేగు మూసుకుపోయి ఉండవచ్చు. అప్పుడు మర్దన ప్రమాదం, వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. మలంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, యాభై దాటాక కొత్తగా మలబద్ధకం మొదలైనా ముందు డాక్టరుకు చూపించుకోండి.