దుబాయ్ స్లిప్పులో నాలుగు అంకెలు

దుబాయ్‌లో ఎక్స్ఛేంజ్ కౌంటర్ దగ్గర డబ్బు కట్టి, చేతికిచ్చిన స్లిప్పును ఫొటో తీసి వాట్సాప్‌లో ఇంటికి పంపడం గల్ఫ్ కుటుంబాల్లో నెలనెలా జరిగే పని. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు పల్లెల్లో ఆ ఫొటో వచ్చిందంటే పైసలు వచ్చినట్టే లెక్క. కానీ దాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివేవాళ్లు తక్కువ. కింద పెద్దగా కనిపించే మొత్తం చూసి ఫోన్ పక్కన పెడతారు. ఆ తర్వాత ఖాతాలో పడింది కాస్త తగ్గితే మాట ఇలా మొదలవుతుంది:

"రెండు వేల దిర్హాములు పంపిన అంటివి గద బిడ్డా. నలభై ఆరు వేల నాలుగు వందలు రావాలె. ఐదు వందల దాకా తక్కువొచ్చినయ్, ఏడబోయినయ్?"

"రెండు వేలే కట్టిన అమ్మా. స్లిప్పు పంపిన కద, చూడరాదే."

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. జవాబు ఆ స్లిప్పులోనే ఉంది. ఒక ఉదాహరణ తీసుకుని అంకె అంకె చూద్దాం.

కొడుకు కౌంటర్‌లో ఇచ్చింది 2,000 దిర్హాములు. స్లిప్పులో Total అని ఉండేది ఈ అంకే. దాని పైన Charges అనే వరుసలో 20 దిర్హాములు, ఆ కింద VAT అని 1 దిర్హాము ఉన్నాయి. ఈ రెండూ పోగా మిగిలింది 1,979. ఇంటికి బయలుదేరిన అసలు సొమ్ము ఇదే. చాలా స్లిప్పుల్లో దీన్ని LC Amount అంటారు, అంటే అక్కడి కరెన్సీలో మొత్తం. FC Amount అని ఉంటే అది విదేశీ కరెన్సీ. ఇక్కడే చాలామంది తడబడతారు. మనకు దిర్హాము విదేశీ డబ్బు, కానీ స్లిప్పు రాసింది దుబాయ్ కంపెనీ. వాళ్ల లెక్కలో మన రూపాయే విదేశీ. కాబట్టి FC Amount ఎదురుగా ఉన్నది ఇంటికి చేరాల్సిన రూపాయలు.

ఆ రోజు రేటు దిర్హాముకు 23.20 రూపాయలు. 1,979ని 23.20తో గుణిస్తే 45,912.80. ఖాతాలో పడిందీ అంతే. తల్లి 2,000ని 23.20తో గుణించింది, అందుకే 46,400 వచ్చింది. మధ్యలో తేడా 487.20 రూపాయలు, అంటే సరిగ్గా 21 దిర్హాములు. ఎవరూ మింగలేదు, రేటూ తప్పలేదు. ఫీజు లోపల కలిపి కట్టారా, విడిగా పైన కట్టారా అన్నదే తేడా. అదే కొడుకు 2,021 దిర్హాములు ఇచ్చి ఉంటే తల్లి లెక్కే నిజమయ్యేది.

పన్ను వరుసను కూడా ఒకసారి చూడాలి. అరబ్ ఎమిరేట్స్‌లో వ్యాట్ 2018 జనవరి నుంచి అమల్లో ఉంది, అయిదు శాతం. అది పడేది ఫీజు మీదే, పంపే సొమ్ము మీద కాదు. 20 దిర్హాముల ఫీజుకు 1 దిర్హాము. సౌదీలో ఈ పన్ను 15 శాతం, అక్కడా అంతే పద్ధతి. ఈ వరుసలో పదుల్లో, వందల్లో అంకె కనిపిస్తే అది పన్ను కాదు, వేరే ఏదో కోత. కౌంటర్ దాటకముందే అడగాలి.

ఇక రేటు. స్లిప్పులో అన్నిటికన్నా చిక్కు పెట్టేది ఇదే. కొన్ని కంపెనీలు 23.20 అని రాస్తాయి. కొన్ని తిరగేసి 0.043103 అని రాస్తాయి. అంటే ఒక రూపాయి కొనడానికి ఎన్ని దిర్హాములు కావాలో చెబుతాయన్నమాట. సున్నాతో మొదలయ్యే రేటు చూసి కంగారు పడక్కర్లేదు. ఫోన్ క్యాలిక్యులేటర్‌లో 1ని ఆ అంకెతో భాగిస్తే మనకు తెలిసిన రేటు వస్తుంది. తిరగేసిన రేటుతో మొత్తం లెక్కగడితే అర్ధరూపాయి అటూ ఇటూ కావచ్చు, చివరి అంకెలు సరిచేసి అచ్చువేయడం వల్ల. పదులూ వందలూ తేడా వస్తే మాత్రం ఎక్కడో ఒక అంకె తప్పు చదివామని అర్థం.

అంకె తప్పు చదవడం ఫొటోల్లో మామూలే. స్లిప్పు సాధారణంగా థర్మల్ కాగితం. వేడికి, వెలుతురుకు అక్షరాలు మాసిపోతాయి. పర్సులో మడిచి పెట్టుకుని వారం తర్వాత ఫొటో తీస్తే మడత దగ్గర అంకెలు కనిపించవు. దానికి తోడు వాట్సాప్ ఫొటోను కుదించి పంపుతుంది కాబట్టి 3కీ 8కీ, 1కీ 7కీ తేడా తెలియదు. పై రేటునే 0.048103 అని చదివామనుకోండి. 1,979ని దానితో భాగిస్తే 41 వేల చిల్లరే వస్తుంది. FC Amount దగ్గర 45 వేల పైచిలుకు ఉంది. రెండూ పొసగలేదంటే రేటులో 8 అనుకున్నది 3 అయి ఉండాలి.

ఈ స్లిప్పులో నాకు బాగా నచ్చే సంగతి ఇదే. కట్టిన మొత్తం, ఫీజు, రేటు, చేరే రూపాయలు అనే నాలుగు అంకెలూ ఒకదానికొకటి సాక్షులు. ఏ మూడు స్పష్టంగా కనిపించినా నాలుగోది మనమే రాబట్టుకోవచ్చు. ఫొటోలో బొటనవేలు రేటు మీద పడిందా? 45,912.80ని 1,979తో భాగించండి, 23.20 బయటపడుతుంది. ఎవరో అంకెలు మార్చి పంపిన నకిలీ ఫొటోలనూ చాలాసార్లు ఇలాగే పట్టుకోవచ్చు. మార్చేవాళ్లు రూపాయల మొత్తాన్ని పెంచి, ఫీజునూ రేటునూ అలాగే వదిలేస్తారు. గుణిస్తే దొంగ దొరుకుతాడు.

కువైట్ నుంచి వచ్చే స్లిప్పు చదివేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. కడప, అన్నమయ్య జిల్లాల నుంచి, కోనసీమ నుంచి ఎంతోమంది, ముఖ్యంగా ఆడవాళ్లు, అక్కడ ఇళ్లలో పనిచేస్తున్నారు. కువైట్ దినారుకు వెయ్యి ఫిల్సులు. అందుకే దినార్ల మొత్తాన్ని చుక్క తర్వాత మూడు అంకెలతో రాస్తారు. స్లిప్పులో 150.000 అని ఉంటే అది నూట యాభై దినార్లు, లక్షా యాభై వేలు కాదు. ఫొటోలో చుక్క మసకబారి కామాలా కనిపించినా, అసలు కనిపించకపోయినా పిల్లలు లక్షన్నర అని చదివి వినిపిస్తారు. బహ్రెయిన్ దినారు, ఒమన్ రియాలు కూడా మూడంకెలవే.

తల్లి అడిగిన ఐదు వందల సంగతి తేలింది. కానీ స్లిప్పులో అచ్చుకాని ఖర్చు ఇంకొకటి ఉంది, అది రేటులో దాగి ఉంటుంది. దిర్హాము విలువను 1997 నుంచి డాలరుకు 3.6725 దగ్గర కట్టేశారు. కాబట్టి ఆ రోజు డాలరు రేటు తెలిస్తే దిర్హాము అసలు రేటు తెలిసినట్టే. డాలరు 86 రూపాయలున్న రోజు 86ని 3.6725తో భాగిస్తే దాదాపు 23.42. మన స్లిప్పులో ఇచ్చింది 23.20. దిర్హాముకు 22 పైసలు కంపెనీ ఉంచుకుంది. 1,979 దిర్హాముల మీద అది 435 రూపాయల పైన. కంపెనీకి అద్దె ఉంటుంది, జీతాలుంటాయి, ఆ మాత్రం తీసుకోవడం తప్పని నేననను. కానీ అదీ ఖర్చే. ఫీజు ఒక్కటే చూసి చవక, ఖరీదు అని తేల్చకూడదు.

"ఫీజు లేదు" అని బోర్డు పెట్టిన చోట లెక్క ఎలా మారుతుందో చూడండి. పక్క కౌంటర్‌లో ఫీజు సున్నా, రేటు 22.95 అనుకుందాం. 2,000 దిర్హాములకు 45,900 రూపాయలు వస్తాయి. ఫీజు తీసుకున్న కౌంటర్ ఇచ్చింది 45,912.80. ఉచితం అన్నచోటే పన్నెండు రూపాయలు తక్కువ. అదే 1,000 దిర్హాములు పంపితే, ఫీజు మారదనుకుంటే, మొదటి చోట 22,712.80, రెండో చోట 22,950. ఇప్పుడు ఫీజు లేని కౌంటరే నయం. 4,000 పంపితే మళ్లీ తారుమారు, ఫీజు తీసుకున్న చోటే ఐదు వందలు ఎక్కువ వస్తాయి. చిన్న మొత్తానికి ఫీజు బరువు, పెద్ద మొత్తానికి రేటు బరువు. అందుకే కౌంటర్‌లో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "నేను ఇంత ఇస్తే, అన్నీ పోను ఇంట్లో ఎన్ని రూపాయలు పడతాయి?" రెండు చోట్ల ఒకే రోజు, ఒకే గంటలో అడగాలి. నిన్నటి రేటును ఇవాళ్టి రేటుతో పోల్చి లాభం లేదు.

స్లిప్పులో రూపాయల మొత్తం ఉంటే ఖాతాలో పైసలతో సహా అంతే పడాలి, ఎందుకంటే దిర్హాములు రూపాయలుగా మారడం అక్కడే అయిపోయింది. బ్యాంకు నుంచి బ్యాంకుకు విదేశీ కరెన్సీలోనే పంపితే కథ వేరు. అప్పుడు స్లిప్పులో రూపాయలు ఉండవు. మార్చేది మన బ్యాంకు, రేటు దానిది, దాని సేవకు జీఎస్టీ కూడా పడుతుంది. దారిలో ఇంకో బ్యాంకు చార్జీ తీసుకున్నా తీసుకోవచ్చు. ఇలాంటి స్లిప్పు చూసి ఇంటికి ఎంత వస్తుందో ముందే తేల్చలేం.

సరిచూసేటప్పుడు ఖాతాలో మిగిలిన బ్యాలెన్స్‌ను కాదు, ఆ రోజు జమ అయిన వరుసను చూడాలి. కనీస నిల్వ లేదని, మెసేజ్ చార్జీలని బాకీపడిన సొమ్మును కొన్ని బ్యాంకులు డబ్బు పడగానే కోసుకుంటాయి. బ్యాలెన్స్ చూసిన ఇంటివాళ్లు దుబాయ్‌లో తక్కువ పంపారనుకుంటారు. పాస్‌బుక్‌లో జమ 45,912.80 అని ఉండి, కింద ఇంకో కోత ఉంటే ఆ ప్రశ్న అడగాల్సింది మన ఊరి బ్యాంకులో.

స్లిప్పు ఫొటో డబ్బు కట్టినందుకు రుజువే గానీ, చేరినందుకు కాదు. ఖాతా నంబరులో ఒక్క అంకె తప్పినా సొమ్ము ఆగిపోవచ్చు, వేరేచోట పడవచ్చు. కాబట్టి ఫొటో రాగానే రూపాయల కన్నా ముందు ఖాతా నంబరు పాస్‌బుక్‌తో కలిసిందా లేదా చూడండి. తప్పుంటే వెంటనే ఫోన్ చేయండి. సరిచేయమని అడగాల్సింది పంపిన మనిషే, తను కట్టిన కంపెనీలోనే. అప్పుడు కావలసింది స్లిప్పు మీది రిఫరెన్స్ నంబరు. అందుకే కౌంటర్ దగ్గరే, కాగితం మడవకముందే, నాలుగు అంచులూ కనపడేలా ఫొటో తీయమని మీవాళ్లకు చెప్పండి. దాన్ని మీ ఇంటివాళ్లకే పంపమనండి. గుర్తింపు కార్డు నంబరు, ఖాతా నంబరు, ఫోన్ నంబరు అన్నీ ఉన్న కాగితం అది, ఊరి గ్రూపులో పెట్టేది కాదు.